నిన్నటిదాకా తోటి సిస్టర్, ఇవాళ ఇన్‌ఛార్జి

ప్రైవేటు ఆసుపత్రుల్లో వార్డు ఇన్‌ఛార్జి పోస్టు చాలాసార్లు ఉన్నట్టుండి ఖాళీ అవుతుంది. ఉన్నావిడకు గల్ఫ్‌లోనో జర్మనీలోనో ఉద్యోగం వస్తుంది, నోటీసు ఇచ్చి వెళ్లిపోతుంది. బయటి మనిషిని వెతికి తెచ్చే బదులు వార్డు తెలిసిన సిస్టర్ల లోంచి ఒకరిని పైకి తీసుకోవడం యాజమాన్యానికి తేలిక. శనివారం దాకా అందరితో డ్యూటీలు మార్చుకుని, క్యారేజీ విప్పి కూరలు పంచుకున్న మనిషి సోమవారం పొద్దున్న వాళ్లందరి రోస్టర్ రాయాల్సి వస్తుంది.

ఏ ఉద్యోగంలోనైనా తోటివాళ్ల మీద పదోన్నతి వస్తే మనసులో ఒక గుబులు మొదలవుతుంది. నర్సింగ్ వార్డులో అది మరీ స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి అక్కడి నుంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఒక్కరి కథ కాదు, వార్డుల్లో మామూలుగా జరిగే సంగతులు కలిపి ఊహించుకున్నది. ముప్ఫై పడకల మెడికల్ వార్డు. ఇన్‌ఛార్జి కాక పద్నాలుగు మంది సిస్టర్లు. కొత్త ఇన్‌ఛార్జికి ముప్ఫై ఒకటో ఏడు, బీఎస్సీ నర్సింగ్ చదివింది, ఇక్కడ ఏడేళ్ల అనుభవం. అదే వార్డులో జీఎన్ఎం చేసిన సీనియర్ ఒకావిడ పన్నెండేళ్లుగా ఉంది. పోస్టు ఆవిడకే వస్తుందని అందరూ అనుకున్నారు. కొత్త ఇన్‌ఛార్జితో చదువుకుని, ఒకే హాస్టల్ గదిలో ఉన్న స్నేహితురాలు కూడా అక్కడే పనిచేస్తోంది.

ఆర్డర్ చేతికొచ్చిన రాత్రి ఆమెకు నిద్ర పట్టదు. 'నాకు ఇందుకు తగిన తెలివి లేదు, ఏదో కలిసొచ్చింది, నాలుగు రోజుల్లో అందరికీ తెలిసిపోతుంది' అనిపిస్తూ ఉంటుంది. దీనికి ఇంపోస్టర్ ఫినామినన్ అని పేరుపెట్టి 1978లో మొదటిసారి వివరించినవాళ్లు పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు. చదువులోనూ వృత్తిలోనూ బాగా పైకొచ్చిన నూట యాభైమందికి పైగా మహిళలను చూసి రాసిన పరిశోధన అది. తర్వాత మగవాళ్లలోనూ ఇది ఉందని తేలింది. జనం 'సిండ్రోమ్' అంటారు గానీ ఇది వైద్యపుస్తకాల్లో చేరిన జబ్బు కాదు. ఎంతమందికి ఉంటుందన్న ప్రశ్నకూ ఒక్క జవాబు లేదు. 62 పరిశోధనలను కలిపి చూసి 2020లో వెలువడిన సమీక్షలో ఆ లెక్క, కొలిచిన పద్ధతిని బట్టి, 9 శాతం నుంచి 82 శాతం దాకా మారింది.

క్లాన్స్ గమనించిన వాటిలో ఒకటి మనకు బాగా పనికొస్తుంది. ఈ భావన ఉన్నవాళ్లు ఒక పని రాగానే కంగారుపడతారు. అవసరానికి మించి కష్టపడతారు, లేదా చివరిదాకా వాయిదా వేసి ఆదరాబాదరాగా ముగిస్తారు. పని బాగానే అవుతుంది. కష్టపడి చేసినవాళ్లు 'అంత కష్టపడ్డాను కాబట్టి అయింది, ఇందులో నా ప్రతిభేముంది' అనుకుంటారు. వాయిదా వేసినవాళ్లు 'అదృష్టం' అనుకుంటారు. రెండు దారుల్లోనూ విజయం వాళ్ల ఖాతాలో పడదు, అందుకే తర్వాతి పనికి మళ్లీ అంతే కంగారు. 'నువ్వు బాగా చేస్తావమ్మా, ధైర్యంగా ఉండు' అనే మెచ్చుకోలు ఇలాంటివాళ్ల మీద పనిచేయకపోవడానికి కారణం ఇదే.

తోటివాళ్ల మీద వచ్చిన పదోన్నతిలో చిక్కు ఇంకొంచెం ముదురుతుంది, ఎందుకంటే ఆ సందేహంలో కొంత నిజం ఉంటుంది. ఈమెకు పేరొచ్చింది క్యాన్యులా వేయడంలో. ఎవరికీ నరం దొరకని ముసలివాళ్లకు ఆమెనే పిలిచేవాళ్లు. ఇన్‌ఛార్జి పని అది కాదు. రోస్టర్ వేయాలి, పొద్దున్నే ఎవరికి ఏ పేషెంట్లో పంచాలి, ఫార్మసీకి ఇండెంట్ పెట్టాలి, క్రాష్ కార్ట్‌లో మందుల గడువు తేదీలు చూడాలి, మందు పొరపాటు జరిగితే ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయించాలి. అమెరికాలో అమ్మకాల ఉద్యోగుల మీద 2019లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో కూడా ఇదే తేలింది. బాగా అమ్మేవాళ్లకే పదోన్నతులు ఎక్కువగా వచ్చాయి, కానీ వాళ్ల కింద పనిచేసిన జట్ల పనితీరు మాత్రం తగ్గింది. పాత పనిలో నేర్పు కొత్త పనిలో నేర్పుగా దానంతట అది మారదు. కాబట్టి 'నాకు రాదు' అన్న ప్రతి ఆలోచననూ భ్రమ అని కొట్టిపారేయమని సలహా ఇవ్వడం సరికాదని నా అభిప్రాయం.

మరేం చేయాలి? ఆ గుబులును విడదీసి చూడాలి. ఈమె తన సందేహాలను కాగితం మీద రాసిందనుకుందాం. 'ఇండెంట్ ఎంత పెట్టాలో తెలియదు.' 'నన్ను తీసుకోవడం పొరపాటు, ఏదో కలిసొచ్చింది.' 'సీనియర్ అక్క స్థానం నేను తీసుకున్నాను.' మూడూ ఒకే బరువుగా అనిపిస్తాయి గానీ మూడూ వేరు. మొదటిది నిజమైన లోటు. ఫార్మసీ ఇన్‌ఛార్జి పక్కన రెండు మధ్యాహ్నాలు కూర్చుంటే తీరిపోతుంది. రెండోదే ఇంపోస్టర్ భావన. దానికి ఎదురు చెప్పగలిగే ఆధారాలు ఆమె దగ్గర లేవు, తీసుకున్నవాళ్ల దగ్గరున్నాయి. మూడోదానికి సామర్థ్యంతో సంబంధమే లేదు. అది మొహమాటం, అపరాధ భావం. మనసు దాన్ని 'నాకు చేతకాదు' అనే మాటల్లోకి మార్చేసుకుంటుంది. ఎక్కువమంది ఇరుక్కుపోయేది ఇక్కడే. చేతకానితనం అనుకుని ఇంకా ఎక్కువ పని నెత్తిన వేసుకుంటారు. మొహమాటం పనితో తగ్గేది కాదు.

ఈమె విషయంలో అది ఇలా బయటపడుతుంది. నైట్ డ్యూటీకి ఎవరైనా రాకపోతే ఇంకొకరిని అడగడానికి నోరు రాక తనే ఉండిపోతుంది. కష్టమైన క్యాన్యులాలన్నీ ఇంకా తనే వేస్తుంది. స్నేహితురాలు పొద్దున్న హ్యాండోవర్‌కు ఆలస్యంగా వస్తే చూడనట్టు ఉంటుంది. మూడో వారానికి ఇండెంట్ రెండు రోజులు వెనకబడుతుంది, క్రాష్ కార్ట్ చెకింగ్ రిజిస్టర్‌లో సంతకాలు లేని రోజులు కనిపిస్తాయి. అందరి పనీ చేస్తున్నా మిగిలిపోతున్నవి మాత్రం తన పనులేనంటే, కారణం శ్రమ చాలకపోవడం కాదు. మాట్లాడవలసినవాళ్లతో మాట్లాడకపోవడం.

మొదటి మాట నర్సింగ్ సూపరింటెండెంట్‌తో. 'నేను బాగానే చేస్తున్నానా మేడమ్?' అని అడిగితే 'బాగానే చేస్తున్నావు' అన్న జవాబే వస్తుంది, సాయంత్రానికి దానికి విలువ ఉండదు. ప్రశ్నే మార్చాలి.

"మేడమ్, పది నిమిషాలు కావాలి. నన్ను తీసుకున్నప్పుడు నా పనిలో మీరు చూసినవి ఒకటి రెండు చెప్పండి. నేను ఇంకా నేర్చుకోవాల్సింది ఏమిటని అనిపించిందో అది కూడా చెప్పండి."

"నువ్వు రాసిన కేస్ షీట్లు ఆడిట్‌లో ఎప్పుడూ వెనక్కి రాలేదు. ఆ మధ్య ఒక రాత్రి రెండు ఎమర్జెన్సీలు ఒకేసారి వస్తే ఎవరు ఎటు వెళ్లాలో చెప్పింది నువ్వేనని డ్యూటీ డాక్టర్ నాతో అన్నారు. ఇక లోటంటావా, నువ్వు ఎవరికీ కాదని చెప్పలేవు. రోస్టర్ దగ్గర అది నిన్ను ఇబ్బంది పెడుతుంది."

ఈ జవాబును అదృష్టం కింద జమకట్టడం కష్టం. తేదీ, సంఘటన, చూసిన మనిషి ఉన్నారు. అందులో విమర్శ కూడా ఉంది కాబట్టి మెచ్చుకోలు ముఖస్తుతిలా అనిపించదు. ఆ మాటలను అదే రోజు డైరీలో ఉన్నదున్నట్టు రాసుకోవడం మంచిది. వారం గడిస్తే మనసుకు విమర్శ ఒక్కటే గుర్తుంటుంది. సూపరింటెండెంట్ పొడిపొడిగా మాట్లాడితే, "ఒక్క ఉదాహరణ చెప్పండి మేడమ్" అని ఇంకోసారి అడగడంలో తప్పేమీ లేదు.

అదే కూర్చోడంలో ఇంకో రెండు సంగతులు తేల్చుకోవాలి. మూడు నెలల తర్వాత వార్డులో ఏం కనిపిస్తే పని బాగా జరుగుతున్నట్టు? రోస్టర్ ప్రతి నెలా ఇరవై ఐదుకల్లా బోర్డు మీద ఉండాలనో, క్రాష్ కార్ట్ రోజూ చెక్ అవాలనో, మందు పొరపాట్లు దాచకుండా రిపోర్ట్ అవాలనో ఆవిడ చెబుతారు. అప్పుడు తనను తాను తూకం వేసుకోవడానికి గుబులు కాక వేరే కొలత దొరుకుతుంది. రెండోది సున్నితమైనది.

"సీనియర్ అక్కకు ఎందుకు రాలేదో మీరు ఆవిడతో మాట్లాడారా మేడమ్? నన్ను అడిగితే నేనేం చెప్పను?"

"అది నేను చెప్పాల్సిన మాట. ఈ వారంలోనే మాట్లాడతాను. నిన్ను అడిగితే నా దగ్గరకు పంపు."

ఎంపిక చేసింది సూపరింటెండెంట్. కారణం చెప్పే బాధ్యతా ఆవిడదే. చాలాచోట్ల ఆ మాట ఎవరూ చెప్పరు. పోస్టు రానివాళ్లు నోటీసు బోర్డులో చూసి తెలుసుకుంటారు, ఆ కోపమంతా వచ్చినవాళ్ల మీదకు మళ్లుతుంది.

ఇక సీనియర్‌తో మాట. ఈ సంభాషణను ఎంత వాయిదా వేస్తే అంత బిగుసుకుపోతుంది, కాబట్టి మొదటి వారంలోనే కావాలి. నర్సింగ్ స్టేషన్ దగ్గర వద్దు, నలుగురూ వింటారు. డ్యూటీ అయ్యాక ఇద్దరే ఉన్నప్పుడు మంచిది. మొహమాటపడే మనిషి ఇక్కడ అనబోయే మాట ఒకటుంది: "అక్కా, నిజానికి ఇది మీకే రావాల్సింది." వినడానికి వినయంలా ఉంటుంది. కానీ ఎదుటిమనిషి ఆ మాటతో ఏం చేయగలదు? ఔనంటే గొడవ, కాదంటే అబద్ధం. ఆ మాట సాయంత్రానికి వార్డంతా తిరిగితే, రేపు ఈమె తీసుకునే ప్రతి నిర్ణయానికీ 'నువ్వే ఒప్పుకున్నావుగా' అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. క్షమాపణ చెప్పాల్సిన తప్పు కూడా ఇక్కడేమీ జరగలేదు.

"అక్కా, ఈ పోస్టు మీకు వస్తుందని వార్డులో అందరం అనుకున్నాం. మీరూ అనుకునే ఉంటారు. రాకపోతే బాధగానే ఉంటుంది. నాతో ఏమైనా అనాలనిపిస్తే వింటాను. అనకపోయినా ఫర్వాలేదు."

"అనడానికేముందమ్మా. పన్నెండేళ్లు చేశాను. నీకు నరం పట్టుకోవడం నేర్పింది నేనే."

"అవునక్కా. మీరే నేర్పారు."

ఇక్కడ ఆగిపోవాలి. 'కానీ మేనేజ్‌మెంట్ ఏమనుకుందంటే' అని మొదలుపెడితే ఆవిడ బాధ వాదనగా మారుతుంది. ఆవిడ మౌనంగా ఉండిపోయినా ఆ మౌనాన్ని మాటలతో నింపాల్సిన పనిలేదు. పని గురించి మాట్లాడటానికి రెండు మూడు రోజులు ఆగవచ్చు.

"అక్కా, వార్డులో నాకంటే మీకు బాగా తెలిసినవి చాలా ఉన్నాయి, అవి మిమ్మల్నే అడుగుతాను. కొన్నిచోట్ల నిర్ణయం మాత్రం నేను తీసుకోవాలి, అది మీకు నచ్చకపోవచ్చు. నచ్చకపోతే రౌండ్స్‌లో అందరి ముందూ కాకుండా నాతో విడిగా చెప్పండి."

కొత్తగా చేరిన సిస్టర్లకు క్యాన్యులా శిక్షణ ఆవిడకు అప్పగించడం మంచి ఆలోచనే. అయితే అది ఓదార్పు బహుమతిలా ఉండకూడదు. నిజంగా ఆవిడ చేతిలో పెట్టి, ఎవరు నేర్చుకున్నారో ఎవరికి ఇంకా రాలేదో ఆవిడ మాటే చెల్లేలా చూడాలి. పైనుంచి వేలు పెడితే పేరుకే ఇచ్చారని ఆవిడకు తెలిసిపోతుంది.

స్నేహితురాలితో మాట్లాడటం ఇంతకంటే కష్టం, ఎందుకంటే ఇక్కడ పోయేదేమిటో ఇద్దరికీ తెలుసు. వార్డులో పొద్దుటి షిఫ్టు ఎనిమిదికి. ఆమె ఎనిమిదీ ఇరవైకి వస్తే రాత్రంతా నిలబడ్డ సిస్టర్ హ్యాండోవర్ ఇవ్వడానికి ఆగాలి. ఇంకొకరైతే ఇన్‌ఛార్జి ఎప్పుడో అడిగి ఉండేదని మిగతా పదమూడు మందికీ తెలుసు.

"కూర్చోవే, ఒక మాట చెప్పాలి. ఈ వారం మూడుసార్లు ఎనిమిదీ ఇరవైకి వచ్చావు. నైట్ సిస్టర్ నీకోసం ఆగింది. రేపటినుంచి ఎనిమిదికల్లా హ్యాండోవర్‌లో ఉండాలి. బస్సు దొరక్కపోతే చెప్పు, కొన్నాళ్లు ఈవినింగ్ షిఫ్టు వేస్తాను."

"అబ్బో! అప్పుడే పెద్ద ఇన్‌ఛార్జివైపోయావే."

"అయ్యాను కదా, అందుకే చెప్తున్నాను. నీ మీద కోపం లేదు. ఇంకోటి, ఎవరి మీద కంప్లయింట్ వచ్చిందో, ఎవరికి సెలవు ఇస్తున్నానో నన్ను అడగకు, చెప్పలేను. మిగతావన్నీ ఎప్పటిలాగే మాట్లాడుకుందాం."

చెప్పింది మూడు సంగతులే: జరిగింది, దానివల్ల ఎవరికి ఇబ్బంది, ఇకమీదట ఏం కావాలి. 'అందరూ అనుకుంటున్నారు' అని ఇతరుల మీదకు నెట్టలేదు, 'మేడమ్ అడుగుతున్నారు' అని సూపరింటెండెంట్ చాటున నిలబడలేదు. అలా నెట్టేయడం ఇంపోస్టర్ భావన ఉన్న అధికారుల్లో తరచూ కనిపిస్తుంది. తన మాటకు బరువు లేదనుకుని పైవాళ్ల పేరు అరువు తెచ్చుకుంటారు. దానికి రివర్సులో, ఆ భయాన్ని కప్పుకోవడానికి కొందరు స్నేహితులతోనే మరీ కఠినంగా ఉంటారు. ఆలస్యానికి మొదటిసారే మెమో ఇవ్వడం అలాంటిదే.

ఇన్ని విడి సంభాషణలు అయ్యాక అందరి ముందూ పరీక్ష వచ్చేది సంక్రాంతి రోస్టర్ దగ్గర. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ పద్నాలుగు మందికీ ఊరెళ్లాలని ఉంటుంది. పొద్దుటి షిఫ్టుకు నలుగురు, సాయంత్రానికి ముగ్గురు, రాత్రికి ముగ్గురు లేనిదే వార్డు నడవదు. అంటే రోజుకు సెలవు ఇవ్వగలిగింది నలుగురికి. మనిషికొక రోజు చొప్పున మూడు రోజులకు పన్నెండు మంది సర్దుకుంటారు, ఇద్దరికి ఒక్క రోజు కూడా రాదు. మొహమాటపడే ఇన్‌ఛార్జి ఒక్కొక్కరూ వచ్చి అడిగినప్పుడల్లా 'చూద్దాంలే' అంటుంది. చివరికి ఎవరు గట్టిగా అడిగారో వాళ్లకు దక్కుతుంది. తన సెలవు వదులుకుని తనే ఒక షిఫ్టు చేస్తుంది.

పేర్లకంటే ముందు నియమం చెప్పాలి. డిసెంబరు మొదట్లోనే, ఎవరూ ఇంకా టికెట్లు తీసుకోకముందే, హ్యాండోవర్ అయ్యాక చెప్పవచ్చు.

"సంక్రాంతికి రోజుకు నలుగురికే సెలవు ఇవ్వగలను. అందుకని మనిషికి ఒక్క రోజే. పోయిన పండక్కి డ్యూటీ చేసినవాళ్లు ముందు ఎంచుకుంటారు. ఈ క్రిస్మస్‌కు సెలవు తీసుకునేవాళ్లు ఆఖరున. ఏ రోజూ దొరకని ఇద్దరికీ ఉగాది సెలవు ఇప్పుడే రాసి పెడతాను. ఇందులో ఎవరికైనా అన్యాయం అనిపిస్తే శుక్రవారం లోపు చెప్పండి, మారుద్దాం. శుక్రవారం తర్వాత మార్చను."

"మా ఇంట్లో కొత్తల్లుడు వస్తున్నాడు మేడమ్, నాకు రెండు రోజులు కావాలి" అని ఒకరు అంటారు. "మీరు ఎవరితోనైనా డ్యూటీ మార్చుకోండి, ఇద్దరూ సంతకం చేసి ఇస్తే రోస్టర్ మారుస్తాను. నేను మాత్రం ఇంకొకరి రోజు తీసి మీకివ్వలేను." ఈ 'ఇవ్వలేను' నోటివెంట వచ్చిన రోజే సూపరింటెండెంట్ చెప్పిన లోటు తీరడం మొదలైనట్టు. తన సెలవునూ ఇన్‌ఛార్జి త్యాగం చేయనక్కర్లేదు. పక్క వార్డు ఇన్‌ఛార్జితో మాట్లాడుకుని ఒకరి రోజు ఒకరు చూసుకుంటే సరిపోతుంది.

లిండా హిల్ అనే హార్వర్డ్ ఆచార్యురాలు కొత్తగా మేనేజర్లయిన పందొమ్మిది మందిని వాళ్ల మొదటి ఏడాదంతా గమనించి 1992లో పుస్తకం రాశారు. పదవి వస్తే అధికారం దానంతట వస్తుందని వాళ్లు అనుకున్నారు. కింది ఉద్యోగులు వాళ్లను పరీక్షించి చూసి, నమ్మకం కుదిరాకే మాట విన్నారు. మొదటి నెలల్లో ఎవరైనా ఎదురు మాట్లాడితే అది తన అనర్హతకు రుజువు అనుకోనక్కర్లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. కొత్త ఇన్‌ఛార్జి ఎవరైనా వార్డు ఇలాగే చూస్తుంది.

ఇంత చేసినా కొన్ని సంగతులు ఈమె మనసులో లేనివి, బయట ఉన్నవి. రౌండ్స్‌లో డాక్టర్ ఈమెను దాటి సీనియర్‌నే అడుగుతుంటే, ఇన్‌ఛార్జి అన్న పేరిచ్చి జీతం పెంచకపోతే, కులమో ప్రాంతమో ఎత్తి ఎవరైనా మాట విసిరితే, అక్కడ సరిచేయాల్సింది ఆమె ఆత్మవిశ్వాసాన్ని కాదు. రుచికా తుల్‌షాన్, జోడీ ఆన్ బ్యూరీ 2021లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం సరిగ్గా ఈ మాటే అంది. ఆఫీసుల్లో వివక్ష పెట్టుకుని ఆడవాళ్లకు ఇంపోస్టర్ సిండ్రోమ్ ఉందని చెప్పడం ఆపమని దాని సారాంశం. అలాంటప్పుడు సూపరింటెండెంట్‌తో మాట వేరుగా ఉండాలి: "మేడమ్, రౌండ్స్‌లో ఆర్డర్లు నాకు చెప్పకుండా వేరేవాళ్లకు చెబుతున్నారు, మందులు మిస్ అయ్యే ప్రమాదం ఉంది. ఆర్డర్లు ఇన్‌ఛార్జికే చెప్పాలని మీ వైపునుంచి డాక్టర్లకు చెప్పించండి."

మాటలతో తీరని స్థితి కూడా ఉంటుంది. వారాల తరబడి నిద్ర లేకపోవడం, డ్యూటీకి వెళ్లాలంటే గుండె దడ, తిండి సహించకపోవడం మొదలైతే అది ఇంపోస్టర్ భావన దాటిపోయి ఆందోళనో కుంగుబాటో అయ్యుండవచ్చు. డాక్టర్‌ను కలవాలి. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మూడో నెల చివర సూపరింటెండెంట్‌ను మళ్లీ పది నిమిషాలు అడిగి, మొదట రాసుకున్న కొలతలు ముందు పెట్టుకుని కూర్చోవాలి. రోస్టర్ రెండు నెలలు వేళకు వచ్చింది, ఒక నెల ఆలస్యమైంది. ఇండెంట్ కుదురుకుంది. స్నేహితురాలు వేళకు వస్తోంది, మాటలు మాత్రం మునుపటికంటే తగ్గాయి. సీనియర్ శిక్షణ బాగా ఇస్తోంది గానీ ఈమెతో ముక్తసరిగానే ఉంది, ఐసీయూకు బదిలీ అడుగుతోంది. ఇన్‌ఛార్జి దాన్ని తన ఓటమి కింద రాసుకోకుండా, ఆవిడ పన్నెండేళ్ల పని గురించి ఐసీయూ ఇన్‌ఛార్జికి మంచి మాట చెప్పి ఫైలు పంపించాలి. ఆవిడ స్థానంలో వచ్చే సిస్టర్‌కు క్యాన్యులా శిక్షణ ఎవరివ్వాలో కూడా అదే వారంలో తేల్చాలి.